బుగ్గలోకి జారే చుక్క

2016 డిసెంబరులో ఫ్రాన్స్‌లో 10 రోజుల పసికందు విటమిన్ డి మందు వేయించుకుంటూ ఊపిరాడక చనిపోయింది. అధికారులు తప్పుపట్టింది విటమిన్‌ను కాదు, ఆ మందును గొట్టంతో నోట్లోకి వదిలే పద్ధతిని. మరుసటి నెలలో దాని అమ్మకాలు ఆపేశారు.

తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే పుట్టిన కొద్దిరోజులకే పిల్లల డాక్టర్లు రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు రాస్తారు. ఏడాది నిండేదాకా వేయమంటారు. రాసిచ్చేటప్పుడు ఎలా వేయాలో చూపించేవాళ్లు మాత్రం తక్కువే.

మన ఇళ్లలో కాళ్లు చాపుకుని, బిడ్డను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోయడం అలవాటు. మందుకు అది పనికిరాదు. పడుకున్న బిడ్డ గొంతులోకి నేరుగా మందు పడితే మింగేలోపే పొలమారుతుంది. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, పాలు పట్టే ముందు, తల ఎత్తుగా ఉండేలా ఒడిలో ఏటవాలుగా పట్టుకోవాలి. డ్రాపర్ కొనను పెదవి మూల నుంచి పోనిచ్చి, చిగురుకీ బుగ్గకీ మధ్య ఆనించి, రబ్బరు బుడ్డిని కొద్దికొద్దిగా నొక్కాలి. కాస్త వదిలి, బిడ్డ మింగాక మళ్లీ కాస్త. ఒక మిల్లీలీటరు పూర్తవడానికి నిమిషం పట్టినా నష్టం లేదు. ఏడుస్తున్నప్పుడు వేయకూడదు. దగ్గితే డ్రాపర్ తీసేసి, బిడ్డను నిటారుగా ఎత్తుకోవాలి.

ఇక చనుమొన మీద వేయడం. ఇది ఒక్క చుక్కలోనే 400 యూనిట్లు ఉండే గాఢమైన మందుకే కుదురుతుంది. చుక్క వేసి వెంటనే పాలు పట్టాలి, బిడ్డ కనీసం అర నిమిషం చప్పరించాలి. మిల్లీలీటరు మందును అలా వేస్తే సగం జారి తల్లి చీరకే చేరుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే. మన మందుల షాపుల్లో దొరికే చుక్కల మందు కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నిట్లో 800. మొదటిదైతే 1 మిల్లీలీటరు, రెండోదైతే అర మిల్లీలీటరు. ఈలోగా అమెరికా నుంచి పిన్ని ఒక చిన్న సీసా తెస్తుంది, అది చుక్కకు 400. పాత అలవాటు కొద్దీ దాన్నీ డ్రాపర్‌తో మిల్లీలీటరు పీల్చి పోశారనుకోండి. మిల్లీలీటరుకు సుమారు 30 చుక్కలు లెక్కేసినా, బిడ్డ కడుపులోకి ఒక్కరోజులో 12,000 యూనిట్లు! అలా రోజూ సాగితే రక్తంలో కాల్షియం పెరిగి పాలు తాగదు, వాంతులవుతాయి, మలబద్ధకం వస్తుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటప్పుడు మందు ఆపి, సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 2010లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ విషయంలోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. ఆ సీసాకు వచ్చిన డ్రాపర్ ఆ సీసాకే వాడమంది.

ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండింతలు వేయక్కర్లేదు. మామూలు మోతాదే వేస్తే సరి.