సస్పెన్షన్ నెలలో చేతికొచ్చేదెంత?

ప్రభుత్వోద్యోగిని సస్పెండ్ చేశారనగానే అందరి నోటా వచ్చే మాట 'ఇక సగం జీతమే' అని. అది కొంతవరకే నిజం. జీతంలో కొన్ని పద్దులు సగమవుతాయి, ఒకటి యథాతథంగా ఉంటుంది, ఇంకొకటి పూర్తిగా ఆగిపోతుంది. మూడు నెలలు దాటాక ఆ మొత్తం పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ఈ లెక్క తెలియక తమకు రావలసిన డబ్బు వదులుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి. అందుకే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే నిబంధనల ప్రకారం దాన్ని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఆ సగం ఎక్కడిది?

సస్పెన్షన్‌లో ఇచ్చే మొత్తాన్ని జీవనభృతి అంటారు. ఆఫీసుల్లో సబ్‌సిస్టెన్స్ అలవెన్స్ అన్న పేరే వాడుక. ఫండమెంటల్ రూల్స్‌లోని 53వ నిబంధన దీని కొలతను హాఫ్ పే లీవుకు ముడిపెట్టింది. ఆ ఉద్యోగి అదే రోజున హాఫ్ పే లీవు పెట్టి ఉంటే ఎంత సెలవు జీతం వచ్చేదో, అంత జీవనభృతిగా ఇవ్వాలి.

కాబట్టి ముందు హాఫ్ పే లీవు సంగతి తెలియాలి. ఉద్యోగి ఖాతాలో ఏడాదికి 20 రోజుల హాఫ్ పే లీవు చేరుతుంది. జనవరి 1న పది రోజులు, జులై 1న పది రోజులు. వాడుకోకపోతే నిల్వ ఉంటుంది. ఆ సెలవులో ఉన్నన్నాళ్లూ బేసిక్‌లో సగం, ఆ సగం మీద డీఏ వస్తాయి. జబ్బుచేసి డాక్టరు సర్టిఫికెట్ పెట్టినవారు దీన్నే కమ్యూటెడ్ లీవుగా మార్చుకుని పూర్తి జీతం తీసుకోవచ్చు. అప్పుడు పది రోజుల సెలవుకు ఖాతాలోంచి ఇరవై రోజులు కోసేస్తారు.

సస్పెన్షన్‌లో అరువు తెచ్చుకున్నది ఈ కొలతను మాత్రమే. సస్పెండైన వ్యక్తి సెలవులో ఉన్నట్టు కాదు. అతని సెలవు ఖాతాలోంచి ఒక్క రోజూ తగ్గదు. పైగా సస్పెన్షన్‌లో ఉన్నవారికి ఏ సెలవూ మంజూరు చేయకూడదని 55వ నిబంధన చెబుతోంది.

ఒక జీతం, మూడు లెక్కలు

విజయవాడలో పనిచేసే ఒక తపాలా శాఖ ఉద్యోగి ఉన్నారనుకుందాం. నగదు లెక్కల్లో తేడా వచ్చిందన్న ఆరోపణతో ఏప్రిల్ 1న సస్పెండయ్యారు. లెక్క సులువుగా ఉండటానికి ఆయన బేసిక్ 40,000 రూపాయలు, డీఏ 50 శాతం అనుకుందాం. విజయవాడలో ఇంటి అద్దె భత్యం 20 శాతం, అంటే 8,000. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ 1,800, దాని మీద డీఏ 900. మార్చి నెలలో ఆయన మొత్తం జీతం 40,000, 20,000, 8,000, 2,700 కలిపి 70,700 రూపాయలు.

ఏప్రిల్‌లో ఏం జరుగుతుంది? బేసిక్‌లో సగం, అంటే 20,000 జీవనభృతి అవుతుంది. డీఏ ఆ 20,000 మీదే కడతారు కనుక 10,000 వస్తుంది. ఇంటి అద్దె భత్యం మాత్రం సస్పెన్షన్ నాటి పూర్తి బేసిక్ ప్రకారమే లెక్కించాలి, కనుక 8,000 అలాగే ఉంటుంది. సస్పెండైనవారు ఆఫీసుకు రానక్కర్లేదు. అందువల్ల నెల మొత్తం సస్పెన్షన్‌లో గడిస్తే ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ రాదు. అన్నీ కలిపితే 38,000 రూపాయలు. పాత జీతంలో సగం కన్నా ఇది కొంచెం ఎక్కువే.

జీతాల బిల్లులో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. అన్నీ సగమే కదా అని ఇంటి అద్దె భత్యాన్ని కూడా సగం చేస్తే మన ఉదాహరణలో నెలకు 4,000 పోతాయి. డీఏ రేటు పెరిగినప్పుడు సస్పెన్షన్‌లో ఉన్నవారికి దాన్ని వర్తింపజేయకపోవడం ఇంకో పొరపాటు. పే స్లిప్‌లో ఈ రెండు అంకెలూ చూసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

మూడు నెలల మలుపు

సస్పెన్షన్ మూడు నెలలు దాటితే జీవనభృతిని అధికారి సమీక్షించాలి. ఆలస్యానికి ఉద్యోగి నేరుగా కారణం కాకపోతే భృతిని 50 శాతం వరకు పెంచవచ్చు. ఛార్జిషీటు ఇవ్వడంలోనో, విచారణాధికారిని నియమించడంలోనో ఆఫీసే జాప్యం చేస్తే అది ఉద్యోగి మీద వేయదగ్గ తప్పు కాదు. ఆయనే వాయిదాల మీద వాయిదాలు అడిగి, నోటీసులు తీసుకోకుండా తప్పించుకుని విచారణను సాగదీస్తే భృతిని 50 శాతం వరకు తగ్గించవచ్చు.

ఈ 50 శాతం దేని మీద అన్నది చాలామందికి స్పష్టంగా తెలియదు. అది బేసిక్ మీద కాదు, మొదటి మూడు నెలల్లో ఇచ్చిన భృతి మీద. మన ఉదాహరణలో 20,000లో సగం 10,000. పూర్తిగా పెంచితే జులై నుంచి భృతి 30,000, దాని మీద డీఏ 15,000, అద్దె భత్యం 8,000, మొత్తం 53,000 అవుతుంది. అంటే భృతి బేసిక్‌లో ముప్పాతిక దాకా వెళ్తుంది గానీ పూర్తి బేసిక్ కాదు. పూర్తిగా తగ్గిస్తే భృతి 10,000, డీఏ 5,000, అద్దె భత్యం 8,000 కలిపి 23,000కు పడిపోతుంది.

పెంచడానికి విడిగా ఉత్తర్వు కావాలి. మూడు నెలలు నిండాయని బిల్లులో అంకె తనంతట తాను మారదు. సమీక్ష చేయవలసిన బాధ్యత అధికారిదే అయినా, మూడో నెల పూర్తికాకముందే ఉద్యోగి ఒక దరఖాస్తు రాసుకోవడం మంచిది. తనకు ఏ నోటీసు ఎప్పుడు అందింది, ఎప్పుడు జవాబిచ్చారు, ఏ వాయిదాకు హాజరయ్యారు అన్నవి అందులో తేదీలతో రాయాలి. జాప్యం ఎవరి వల్ల జరిగిందో ఆ తేదీలే చెబుతాయి.

దీన్ని మరో సమీక్షతో కలిపి చూడకూడదు. సస్పెన్షన్‌ను కొనసాగించాలా, ఎత్తివేయాలా అన్నది తేల్చే సమీక్ష వేరు. సీసీఎస్ సీసీఏ రూల్స్‌లోని పదో నిబంధన ప్రకారం అది 90 రోజుల లోపు జరగాలి. పొడిగించినా ఒక్కోసారి 180 రోజులకు మించకూడదు. సస్పెన్షన్‌ను పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చిందంటే భృతి కూడా పెరిగినట్టే అనుకోవడం పొరపాటు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకూ ఫండమెంటల్ రూల్స్‌లోని 53వ నిబంధనే ఆధారం. అయితే క్రమశిక్షణ విషయాల్లో 1991 నాటి సీసీఏ రూల్స్ వేరుగా ఉన్నాయి. భత్యాల రేట్లు, సమీక్ష గడువులు తమ రాష్ట్ర ఉత్తర్వుల్లో చూసుకోవాలి.

కోతలు, ఒక ధ్రువపత్రం

38,000 అని లెక్క తేలినా అంతా చేతికి రాదు. ఆదాయపు పన్ను, ప్రభుత్వ క్వార్టరు అద్దె, కరెంటు, నీటి ఛార్జీలు, ప్రభుత్వం నుంచి తీసుకున్న అప్పుల వాయిదాలు, సీజీహెచ్ఎస్ చందా, గ్రూప్ ఇన్సూరెన్స్ చందా తప్పనిసరిగా కోస్తారు. ఎల్ఐసీ ప్రీమియం, సహకార సంఘం బాకీ, జీపీఎఫ్ అడ్వాన్స్ తిరిగి చెల్లింపు వంటివి ఉద్యోగి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే కోయాలి. జీపీఎఫ్ నెలవారీ చందా, కోర్టు జప్తు మొత్తం, ప్రభుత్వానికి కలిగిన నష్టం కింద రాబట్టుకునే సొమ్ము భృతిలోంచి కోయకూడదు.

మన ఉదాహరణలోని ఉద్యోగికి సొసైటీ బాకీ నెలకు 9,000 ఉందనుకుందాం. ఆయన సంతకం లేకుండా దాన్ని కోస్తే ఇంటికి వచ్చేది 29,000. కోత వద్దని రాసిస్తే ఆ 9,000 చేతికి వస్తుంది. బాకీ, వడ్డీ ఎక్కడికీ పోవు. కానీ ఆ నెల ఇల్లు గడుస్తుంది. ఈ నిర్ణయం ఆఫీసుది కాదు, ఆ కుటుంబానిది.

ప్రతి నెలా భృతి అందాలంటే ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. తాను వేరే ఉద్యోగం, వ్యాపారం, వృత్తి ఏదీ చేయడం లేదని ఉద్యోగి అందులో సంతకం చేస్తారు. ఇది ఇవ్వకపోతే చెల్లింపు ఆగుతుంది. భృతి ఆగిందన్న ఫిర్యాదుల్లో మొదట చూడవలసింది ఈ కాగితాన్నే. నేరుగా ఇస్తే నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ఇవ్వకపోతే విచారణే నిలవదు

జీవనభృతి అధికారి దయాదాక్షిణ్యం కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. 1973లో ఘన్‌శ్యామ్‌దాస్ శ్రీవాస్తవ కేసు మధ్యప్రదేశ్ నుంచి వచ్చింది. ఆయన ఉండేది రీవాలో. విచారణ జరిగింది సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని జగదల్‌పుర్‌లో. భృతి అందక, ప్రయాణానికి డబ్బు లేక ఆయన వెళ్లలేకపోయారు. తన వాదన చెప్పుకొనే అవకాశం దక్కలేదు కనుక ఆ విచారణ చెల్లదని కోర్టు చెప్పింది. 1983లో మహారాష్ట్రకు చెందిన చంద్రభాన్ కేసులో, కింది కోర్టులో శిక్షపడి అప్పీలు నడుస్తున్న ఉద్యోగికి నెలకు ఒక్క రూపాయే ఇవ్వాలన్న నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 1999లో కోలార్‌లోని భారత్ గోల్డ్ మైన్స్ ఉద్యోగి పాల్ ఆంథోనీ కేసులో, భృతి ఆపడం జీవించే హక్కునే దెబ్బతీస్తుందని చెప్పింది.

అందుకే భృతి అందనివారు ఊరుకోకూడదు. డబ్బు రానందువల్ల విచారణకు హాజరు కాలేకపోతున్నానని విచారణాధికారికి అప్పుడే రాతపూర్వకంగా తెలపాలి. తర్వాత కోర్టులో బలంగా నిలిచేది ఆ ఉత్తరమే.

మిగతా డబ్బు సంగతి

సస్పెన్షన్ ముగిసి తిరిగి విధుల్లోకి తీసుకున్నప్పుడు, ఆ కాలాన్ని ఎలా పరిగణించాలో అధికారి ఫండమెంటల్ రూల్ 54-బి కింద ఉత్తర్వు ఇవ్వాలి. సస్పెన్షన్ పూర్తిగా అన్యాయమని తేలితే పూర్తి జీతం, భత్యాలు వస్తాయి. లేకపోతే ఎంత ఇవ్వాలన్నది ఉద్యోగికి నోటీసిచ్చి, ఆయన జవాబు చూశాక నిర్ణయిస్తారు. ఏమైనా ఆ మొత్తం అప్పటికే ఇచ్చిన భృతి కన్నా తగ్గకూడదు. పెద్ద శిక్ష కోసం మొదలైన విచారణ చివరికి చిన్న శిక్షతో ముగిస్తే, సస్పెన్షన్‌ను పూర్తిగా అన్యాయమైనదిగానే పరిగణించి పూర్తి జీతం ఇవ్వాలని కేంద్రం 1985 డిసెంబరులో ఆదేశించింది.

మన తపాలా ఉద్యోగి ఆరు నెలల తర్వాత సెన్షూర్‌తో బయటపడ్డారనుకుందాం. సెన్షూర్ అంటే అభిశంసన, చిన్న శిక్షల్లో ఒకటి. మొదటి మూడు నెలలు 38,000 చొప్పున, తర్వాతి మూడు నెలలు 53,000 చొప్పున ఆయనకు అందింది 2,73,000 రూపాయలు. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఆ కాలానికి తిరిగి రాదు. అది తీసేస్తే పూర్తి జీతం నెలకు 68,000, ఆరు నెలలకు 4,08,000. ఇంక్రిమెంటు, డీఏ పెంపు పక్కన పెట్టినా ఆయనకు ఇంకా 1,35,000 రూపాయలు రావాలి. 54-బి ఉత్తర్వు రాకుండా ఈ బకాయి బిల్లు కాదు. అందుకే విధుల్లో చేరిన రోజునే, చేరిక రిపోర్టుతో పాటు ఆ ఉత్తర్వు కోసం దరఖాస్తు కూడా ఇవ్వాలి.