తలకిందుల బొమ్మ చెప్పిన సాక్ష్యం

"నాలుగు అడ్డగీతలు, నాలుగు నిలువుగీతలు గీస్తే అదీ ఓ బొమ్మేనా? మా బుడ్డోడూ గీస్తాడు" అనేవాళ్లకి 2022లో మంచి ఆయుధం దొరికింది. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ మ్యూజియంలో 1980 నుంచీ ఉన్న పీట్ మోండ్రియాన్ బొమ్మ 'న్యూయార్క్ సిటీ 1' తలకిందులుగా వేలాడుతోందన్న వార్త వచ్చింది. 1945లో న్యూయార్క్‌లో తొలిసారి ప్రదర్శించినప్పుడూ అంతేనట. డెబ్బై అయిదేళ్లకు పైగా ఎవరూ గమనించలేదు. నవ్వు రాకుండా ఎలా ఉంటుంది! కాకపోతే ఆ సంగతి ఎలా బయటపడిందో వింటే వాదన అడ్డం తిరుగుతుంది.

మ్యూజియం క్యురేటర్ సుసానె మేయర్-బ్యూజర్‌కి బొమ్మ చూస్తుంటే ఏదో తేడా కొట్టింది. అది రంగులతో వేసింది కాదు. కాన్వాసు మీద ఎరుపు, పసుపు, నీలం, నలుపు టేపు పట్టీలు అతికించింది. ఒక అంచున పట్టీలు దగ్గరదగ్గరగా గుంపు కట్టాయి. మ్యూజియంలో ఆ గుంపు కింద ఉంది. పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌లో ఇదే కొలతతో, ఇంచుమించు ఇదే పేరుతో మోండ్రియాన్ తైలవర్ణ చిత్రం ఒకటుంది. అందులో గుంపు పైనుంది. 1944లో ఓ పత్రికలో అచ్చయిన ఆయన స్టూడియో ఫొటోలో ఈ టేపు బొమ్మే ఈజిల్ మీద కనిపిస్తోంది. అక్కడా గుంపు పైనే. ఇంకో ఆధారం మరీ ముచ్చటైంది. కొన్ని పసుపు పట్టీలు ఒక అంచును చేరకుండా కొన్ని మిల్లీమీటర్ల ముందే ఆగిపోయాయి. పైన మొదలుపెట్టి కిందికి అతికించుకుంటూ వచ్చే మనిషికి టేపు చాలకపోయేది కింది కొసనే కదా.

బొమ్మ మీద సంతకం లేదు, బహుశా పూర్తి కాలేదనుకున్నాడేమో. అయినా పైకొస ఏదో, కిందికొస ఏదో బొమ్మలోంచే లాగగలిగారు. గీతలు ఎటుపడితే అటు పడి ఉంటే తలకిందులు అనే మాటకే చోటుండదు. టేపు వాడడమూ ఊరికే కాదు: అంటించి, దూరం జరిగి చూసి, పీకి, మరోచోట పెట్టుకోవచ్చు. 1944లో ఆయన చనిపోయేనాటికి అసంపూర్తిగా మిగిలిన 'విక్టరీ బూగీ వూగీ' మీద ఇప్పటికీ అలాంటి రంగు ముక్కలు అంటుకునే ఉన్నాయి. ఎక్కడ పెట్టినా ఒకటే అనుకునేవాడు ఇంత పీకులాట పెట్టుకోడు.

ఇంతమాత్రాన బొమ్మ గొప్పదని రుజువైపోదు. క్రమం ఉండటం వేరు, అది మనసుకి పట్టడం వేరు. అన్నేళ్లపాటు చూసినవాళ్లకి తేడా తెలియలేదంటే, సందేహించేవాళ్ల మాటలో సగం నిజం ఉన్నట్టే. కావాలంటే మీరే పరీక్షించండి: ఫోన్‌లో ఈ బొమ్మ తెరిచి, గుంపులోని ఒక్క పట్టీని వేలితో మూయండి. మిగతా పట్టీల మధ్య ఖాళీలు మారినట్టు అనిపిస్తే, మోండ్రియాన్ తూకం వేసింది దేన్నో మీకు దొరికినట్టే.

మరి మ్యూజియం బొమ్మను తిప్పిందా? లేదు. టేపు జిగురు వదులైపోయింది, తిప్పితే బరువు అటు లాగి పట్టీలు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు.