రాగి తీగ చుట్టుకున్న టీ

ఇరకం దీవి నుంచి తడ వైపు రావాలంటే పులికాట్ సరస్సులో పడవెక్కి భీములవారిపాళెం రేవులో దిగాలి. గాలివాన పట్టుకుంటే పడవ కదలదు. ఆ దీవిలో ఇరవై రెండేళ్ల తల్లి ఒకామె ఉందనుకుందాం. ఇద్దరు పిల్లలు. ఆపరేషన్ చేయించుకుంటావా అని నర్సమ్మ అడిగితే, "ఇప్పుడే వద్దక్కా, నాలుగైదేళ్లు పోనీ, చూద్దాం" అంటుంది.

మన రాష్ట్రంలో ఈ మాట అనేవాళ్లు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి సుమారు 70 మందిది కు.ని. ఆపరేషనే. కాపర్-టీ వాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. పెద్దవాళ్లు దీన్ని ఇప్పటికీ 'లూప్' అంటారు. ఆ పేరులోనే దాని చరిత్ర కొంత ఉంది.

1965లో మన దేశానికి వచ్చింది రాగి లేని ప్లాస్టిక్ లూప్. రక్తస్రావం, నొప్పి, జారిపోవడం మామూలయ్యాయి. వేసినవాళ్లు మళ్లీ వచ్చి చూడటం మాత్రం అరుదు. దాంతో చెడ్డపేరు స్థిరపడింది. అదే దశకంలో అమెరికాలో హోవర్డ్ టేటమ్ గర్భసంచి ఆకారానికి సరిపోయేలా ఇంగ్లిషు టీ అక్షరంలా ఒక సాధనం చేశాడు. జారడం, నొప్పి తగ్గాయి కానీ వేయించుకున్న వందమందిలో ఏడాదికి 18 మంది దాకా గర్భవతులయ్యారు. దీనికి మందు చిలీ దేశంలో దొరికింది. అక్కడ హైమే జిప్పర్ కుందేలు గర్భసంచి రెండు కొమ్ముల్లో ఒకదాంట్లో రాగి తీగ ఉంచి, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. తీగ ఉన్న వైపు పిండాలు నిలవడం బాగా తగ్గింది. టేటమ్ టీకి ఆ తీగ చుట్టారు. ముప్పై చదరపు మిల్లీమీటర్ల రాగికే 18 కాస్తా 5కి దిగింది. రెండు వందల చదరపు మిల్లీమీటర్లకు 1 దగ్గరికొచ్చింది. ఇప్పటి కాపర్-టీ 380ఏ మీద నిలువు కాడకు తీగ, రెండు చేతులకు రెండు రాగి తొడుగులు, అన్నీ కలిపి 380 చదరపు మిల్లీమీటర్ల రాగి. పదేళ్లు పనిచేస్తుంది.

రాగి నుంచి కొద్దికొద్దిగా విడుదలయ్యే అయాన్లు వీర్యకణాలను కుంటుపరుస్తాయి. అవి అండాన్ని చేరకముందే చాలావరకు పని అయిపోతుంది. ఇందులో హార్మోన్ లేదు. కాపర్-టీ పైకి పోయి గుండెలో గుచ్చుకుంటుందన్నది వట్టి మాట.

ఆస్పత్రుల్లో పంచే కరపత్రాల్లో ప్రతి పద్ధతికీ రెండు అంకెలుండాలి: తప్పకుండా వాడితే ఎంత, మామూలుగా వాడితే ఎంత అని. మాత్రలు క్రమం తప్పకపోతే ఏడాదికి వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలు వాడకంలో దాదాపు ఏడుగురికి వస్తుంది. కండోమ్‌తో రెండు కాస్తా 13 అవుతుంది. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో సుమారు నలుగురు. ఆ తేడా అంతా మరిచిపోయిన రోజులది, ఆగిపోయిన పడవది. కాపర్-టీకి రెండు అంకెలూ ఇంచుమించు ఒకటే, ఒకటికంటే తక్కువ. ఆపరేషన్‌కూ దీనికీ తేడా స్వల్పమే. ఇరకం అమ్మాయికి మూడు నెలలకోసారి రేవు దాటే ఇంజెక్షన్ కంటే ఇదే నయమని నాకనిపిస్తుంది. పైగా ఇంజెక్షన్ మానేశాక మళ్లీ గర్భం రావడానికి చాలా నెలలు పట్టొచ్చు.

అయితే దీనికి ఇబ్బందులు లేవని కాదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా ఉంటుంది. ఇప్పటికే రక్తం తక్కువున్న మనిషికి అది చిన్న విషయం కాదు. హిమోగ్లోబిన్ చూడాలి, ఐరన్ మాత్రలు ఇవ్వాలి. ఈ మాట ముందే చెప్పకపోతే రెండో నెలలోనే తీయించేసుకుంటారు. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా వేయకూడదు.

కాన్పు కోసం ఆస్పత్రికి వచ్చినప్పుడే, 48 గంటల్లోపు వేయించుకుంటే ఇంకో ప్రయాణం తప్పుతుంది. అలా వేసినవి జారిపోవడం మాత్రం ఎక్కువ. ఆ 48 గంటలు దాటితే ఆరు వారాలు ఆగాలి. అప్పుడు గర్భసంచి లోతు కొలిచి, గొట్టంలో మడిచిన టీని పైభాగం దాకా చేరుస్తారు. లోపలి కడ్డీని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని వెనక్కి లాగితే చేతులు విచ్చుకుంటాయి. దారాలు మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంచి కత్తిరిస్తారు.

ఇంటికెళ్లాక గుర్తు ఆ దారమే. నెలసరి అయ్యాక వేలితో తాకితే దారం తెలియాలి. దొరక్కపోయినా, పొడుగైనట్టున్నా, ప్లాస్టిక్ గట్టిగా తగిలినా జారి ఉండొచ్చు. నెలసరి ఆగి పొత్తికడుపు ఒక పక్క నొప్పి వస్తే గర్భం ట్యూబులో నిలిచిందేమోనన్న అనుమానంతో వెంటనే రేవు దాటాలి. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట కనిపించినా అంతే. తొలి మూడు వారాల్లో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ.

నాలుగేళ్లకు ఆ అమ్మాయి మనసు మారి వచ్చిందనుకోండి. డాక్టర్ దారం పట్టి నెమ్మదిగా లాగితే చేతులు పైకి ముడుచుకుని టీ బయటికొస్తుంది, నిమిషం పని. ఆ నెలలోనే గర్భం రావచ్చు. పదేళ్లు నిండాక కూడా పిల్లలు వద్దనుకుంటే పాతది తీసి అదే బల్ల మీద కొత్తది వేస్తారు.