కికాఫ్‌లో 30 సెకన్లు

హైదరాబాద్‌లో సాయంత్రం 7:30. వేసవి కాలం కాబట్టి అమెరికా తూర్పు తీరంలో ఉదయం 10. ఒక బీమా కంపెనీ క్లెయిముల సాఫ్ట్‌వేర్‌ను తిరగరాసే పనికి కికాఫ్ కాల్. అటు ఆరుగురు, ఇటు తొమ్మిదిమంది, చేతిలో ఉన్నది గంట. మావైపు మొదట మాట్లాడిన కుర్రాడు సొంతూరు, చదివిన కాలేజీ, చేసిన నాలుగు ప్రాజెక్టులు, తెలిసిన టెక్నాలజీలు వరసపెట్టి చెప్పాడు. రెండున్నర నిమిషాలు పట్టింది. తర్వాతివాళ్లూ అదే దారి పట్టారు. పరిచయాల్లో ఎప్పుడూ ఇంతే, మొదటివాడు ఎంతసేపు తీసుకుంటే మిగతావాళ్లూ అంతే తీసుకుంటారు. మా వంతు అయ్యేసరికి 20 నిమిషాలు దాటింది. అటు ఇద్దరు కెమెరాలు ఆపేసుకున్నారు. టీముకి మేనేజర్ని నేనే. ముందురోజు పావుగంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ కుర్రాడు చేసింది తప్పని కూడా అనలేం. క్యాంపస్ ఇంటర్వ్యూకి బట్టీపట్టిన పరిచయం అది. కాకపోతే అక్కడ మనల్ని ఎంచుకోవాలా వద్దా అని చూస్తారు, కికాఫ్‌లో ఎంపిక ఎప్పుడో అయిపోయింది, ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి. క్లయింటుకి తెలియాల్సింది ఒక్కటే: రేపు ఫలానా చిక్కు వస్తే వీళ్లలో ఎవర్ని పట్టుకోవాలి?

ఆ తర్వాతి కికాఫ్‌కి లక్ష్మి అనే టెస్టర్‌తో (పేరు మార్చాను) కూర్చుని మాట్లాడాం. ఆమె మొదట రాసుకొచ్చింది ఇలా ఉంది: "మైసెల్ఫ్ లక్ష్మి, 2018లో పాసవుట్ అయ్యాను, ఆరేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను, ఆటోమేషన్ తెలుసు." అమెరికావాళ్ల ఇంగ్లీషులో పాసవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం, ఆ మాట తీసేశాం. చదువు సంగతే అక్కర్లేదు. చివరికి మిగిలింది ఇది: "నా పేరు లక్ష్మి. మీ పాత సిస్టమ్ లెక్కగట్టిన క్లెయిము మొత్తం, కొత్తది లెక్కగట్టే మొత్తం ఒకటేనా అని సరిచూసేది నేను. ఇంతకుముందు వాహన బీమా క్లెయిముల్లో ఇదే పని చేశాను. మీ ఉదయం 8 నుంచి 11 దాకా దొరుకుతాను." తీరిగ్గా చెప్పినా 30 సెకన్లు దాటదు.

పేరు దగ్గర మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక తంటా ఉంది. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. పాస్‌పోర్టులో, ఆఫీసు ఖాతాలో అది అటూ ఇటూ అయి, తెర మీద ఇంటిపేరో, పొడి అక్షరమో, 'వెంకట' అనో మాత్రం కనిపిస్తుంది. ఒక టీములో మాకు ముగ్గురు వెంకటలు ఉండేవారు. క్లయింటు "వెంకట" అని పిలిస్తే ముగ్గురూ మ్యూట్ తీసేవారు, లేదా ముగ్గురూ తీసేవారు కాదు. పిలవాల్సిన పేరేదో మొదటి మాటలోనే చెప్పి, తెర మీదా అదే ఉండేలా మార్చుకోవాలి.

అనుభవం ఒక్క ఏడాది కూడా పెంచి చెప్పకూడదు. క్లయింటు దగ్గర మన రెజ్యూమె ఉండొచ్చు, ఏళ్లు సరిపోలకపోతే అప్పటికి ఊరుకున్నా గుర్తుపెట్టుకుంటారు. టీములోకి కొత్తగా వచ్చి నేర్చుకుంటున్నవాళ్లు ఆ మాటే చెప్పి, ఎవరి కింద పనిచేస్తున్నారో చెబితే చాలు.

ఇక అటువైపు పరిచయాలు. మన వంతు అయిపోగానే హమ్మయ్య అనుకుని చాలామంది వినడం మానేస్తారు. అసలు సరుకు అక్కడే ఉంటుంది. లక్ష్మి మాట్లాడిన కికాఫ్‌లో పెద్ద హోదా ఉన్నాయన రెండు ముక్కలు మాట్లాడి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. డబ్బు మంజూరు చేసేది ఆయన. ఒకావిడ హోదా కూడా చెప్పలేదు, "22 ఏళ్లుగా క్లెయిములు చూస్తున్నాను" అని ఊరుకుంది. ఏ కాగితంలోనూ లేని నియమాలన్నీ ఉన్నది ఆవిడ తలలోనే. ఇంకొకాయన భద్రతా విభాగం. లాగిన్లు ఆయన ఇవ్వకపోతే టీమంతా చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే. అందుకే కాగితం మీద ప్రతి పేరు పక్కన ఒక్క మాట రాసుకోమంటాను: నిర్ణయించేవారా, తెలిసినవారా, తలుపు తీసేవారా. ఏదీ తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి, మీటింగు చివర్లో మర్యాదగా అడగాలి.

ఆ కికాఫ్ మర్నాడు పొద్దున్న మెయిల్ తెరిస్తే ఆ 22 ఏళ్లావిడ దగ్గర్నుంచి ఒకటి వచ్చి ఉంది. నాకు కాపీ మాత్రమే, రాసింది నేరుగా లక్ష్మికి. పాత సిస్టమ్ ఎప్పుడూ తప్పు లెక్కగట్టే 14 క్లెయిముల పట్టిక అది. ముందు వీటితో మొదలుపెట్టమంది.