మాట తడబడదు, జ్ఞాపకం మాత్రం నిలవదు

‘రాత్రి బానే ఉన్నావురా. పాటలు పాడావు, అందరితో మాట్లాడావు, బిల్లు కూడా నువ్వే కట్టావు’ అంటారు స్నేహితులు. విన్నవాడికి మాత్రం బిల్లు సంగతే కాదు, పదింటి తర్వాత జరిగినదేదీ గుర్తుండదు. తాగి స్పృహ తప్పడం వేరు, ఇది వేరు. మనిషి మెలకువగానే ఉంటాడు, నడుస్తాడు, వాదిస్తాడు. కానీ జరుగుతున్నదేదీ అతని మెదడులో జ్ఞాపకంగా నిలవదు. దీన్నే వైద్యులు ‘బ్లాక్‌అవుట్’ అంటారు.

అమెరికా మానసిక వైద్యుడు డోనాల్డ్ గుడ్విన్ 1970 ప్రాంతంలో దీన్ని కళ్లారా చూడాలనుకున్నాడు. బాగా తాగుడు అలవాటున్న పదిమందికి నాలుగు గంటల్లో దాదాపు అర లీటరు విస్కీ ఇచ్చాడు. మధ్యమధ్యలో మామూలుగా ఎవరూ మరచిపోలేని దృశ్యాలు చూపించాడు. అందులో ఒకటి, మూత తీయగానే చచ్చిన ఎలుకలు కనిపించే మూకుడు. రెండు నిమిషాల తర్వాత అడిగితే ఏం చూశారో చెప్పగలిగారు. అరగంట తర్వాత అడిగితే కొందరికి ఆ సంగతే తెలియదు, మర్నాడు కూడా అంతే.

ఆ రెండు నిమిషాలకూ అరగంటకూ మధ్యే అసలు విషయం ఉంది. చూసింది, విన్నది కాసేపు మనసులో నిలబడటం ఒక పని. దాన్ని శాశ్వతంగా పదిలపరచడం మరో పని. రెండో దానికి కణతల లోపలి భాగంలో ఉండే హిప్పోక్యాంపస్ కావాలి. కొత్త అనుభవం కలిగినప్పుడు అక్కడి నాడీకణాల మధ్య బంధాలు బలపడతాయి. మద్యం ఎక్కువైతే ఆ బంధాలు బలపడటానికి కావలసిన రసాయన సంకేతాలు అణగిపోతాయి. పాత జ్ఞాపకాలు చెక్కుచెదరవు కాబట్టే తాగినవాడికి ఇంటి దారి తెలుసు, పాట చరణాలు తెలుసు. కొత్తది మాత్రం ఎక్కదు. అలా ఎక్కనిదాన్ని తర్వాత ఎంత తవ్వినా తీయలేం. కొందరికి గుర్తుచేస్తే ముక్కలు ముక్కలుగా తిరిగొస్తుంది. పూర్తి బ్లాక్‌అవుట్‌లో అదీ ఉండదు.

ఎంత తాగితే ఇలా అవుతుంది? తాగిన మోతాదుతో పాటు అది రక్తంలోకి ఎంత వేగంగా చేరిందన్నదీ ముఖ్యం. అరవై కిలోల కుర్రాడు ఖాళీ కడుపుతో రెండు గంటల్లో క్వార్టరున్నర విస్కీ, అంటే 270 మిల్లీలీటర్లు తాగాడనుకుందాం. అందులో ఆల్కహాలు సుమారు 90 గ్రాములు. లెక్క వేస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో అది 190 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. బండి నడిపేవారికి మన చట్టం పెట్టిన హద్దు 30. బ్లాక్‌అవుట్లు ఎక్కువగా కనిపించేది 160 దాటాక. అదే మోతాదు ఆరు గంటల్లో, భోజనంతో తాగితే 130 దగ్గర ఆగవచ్చు. అదీ క్షేమమైన అంకేమీ కాదు. నిద్రమాత్రలు వేసుకున్నవారికి ఇంకా తక్కువలోనే జ్ఞాపకం పోవచ్చు. అదే బరువున్నా ఆడవారి ఒంట్లో నీటి శాతం తక్కువ కనుక వారి రక్తంలో మోతాదు ఇంకా పెరుగుతుంది.

కుర్రతనం మరో చిక్కు తెచ్చిపెడుతుంది. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతుంది. ‘ఇక చాలు’ అని ఆపే ముందుభాగమే అన్నిటికన్నా ఆలస్యంగా ముదురుతుంది. లేత వయసు ఎలుకల్ని పరీక్షిస్తే, పెద్ద ఎలుకల కన్నా వాటికి మత్తునిద్ర తక్కువగా వచ్చింది, హిప్పోక్యాంపస్ పని మాత్రం ఎక్కువగా దెబ్బతింది. మనుషుల్లోనూ ఒక చిన్న ప్రయోగంలో ఒకే మోతాదుకు 25 ఏళ్లు దాటినవారి కన్నా ఇరవైల తొలినాళ్లలో ఉన్నవారి జ్ఞాపకశక్తి ఎక్కువ తగ్గింది. కళ్లు మూతపడవు కాబట్టి కుర్రవాడు ఇంకో పెగ్గు పోసుకుంటాడు. అప్పటికే జ్ఞాపకం ఆగిపోయి ఉండవచ్చు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 2002లో వెలువడిన సర్వేలో, మద్యం రుచి చూసిన విద్యార్థుల్లో 51 శాతం మంది ఒక్కసారైనా ఇలా మరచిపోయామన్నారు. తాము బండి నడిపిన సంగతి కూడా తర్వాత ఇతరులు చెబితేనే తెలిసినవారు వారిలో ఉన్నారు.

ఏళ్ల తరబడి అతిగా తాగిన యువకుల మెదడు స్కానుల్లో బూడిదరంగు పదార్థం మామూలు కన్నా వేగంగా తగ్గడం కనిపించింది. అందులో మద్యం వాటా ఎంత, ముందునుంచీ ఉన్న తేడా ఎంత అన్నది విడదీయడం కష్టం.

పక్కనున్నవారు గుర్తుపట్టే దారి ఒకటుంది. అడిగిందే అడుగుతున్నాడా? అరగంట క్రితం ఏం జరిగిందో చెప్పగలడా? చెప్పలేకపోతే, తూలకపోయినా సరే, తాళాలు తీసుకోండి, గ్లాసు పక్కన పెట్టించండి, ఒంటరిగా వదలకండి. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.