‘సరళత’ ఎన్నో మాట?

ప, ల, క. ఈ మూడు అక్షరాలు ఇచ్చి అర్థమున్న మాట చెప్పమంటే చాలామంది ‘పలక’ అంటారు. ‘కలప’ కూడా తప్పు కాదు. అలాంటప్పుడు ఏది జవాబు?

కానిస్టేబుల్, రైల్వే, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు రీజనింగ్ పేపర్లో ఎదురయ్యే చిక్కు ఇది. ఇంగ్లిషు అక్షరాలతోనూ ఇదే తంతు. ఎ, ఇ, ఎం, టి ఇస్తే మేట్, మీట్, టేమ్, టీమ్ అని నాలుగు మాటలు వస్తాయి. అందుకే ప్రశ్న తయారుచేసేవాళ్లు దానికి మరో షరతు తగిలిస్తారు. అక్షరాలను అటూ ఇటూ మార్చగా వచ్చే మాటలన్నిటినీ నిఘంటువులో ఉన్నట్టు పేర్చి, ఫలానా స్థానంలో ఏముందో చెప్పమంటారు.

ప, ల, క లతో మొత్తం ఆరు కూర్పులు వస్తాయి. అకారాది క్రమంలో పెడితే కపల, కలప, పకల, పలక, లకప, లపక. రెండోది కలప, నాలుగోది పలక. స్థానం చెప్పేస్తే జవాబు ఒక్కటే మిగులుతుంది.

అక్షరాలు నాలుగైతే కూర్పులు ఇరవై నాలుగు. అన్నీ రాస్తూ కూర్చుంటే పరీక్షలో టైము చాలదు. స, త, ళ, ర ఇచ్చారనుకుందాం. ముందు తెలుగు చెవితో కొన్నిటిని ఏరిపారేయవచ్చు. తెలుగులో మాట ‘ళ’తో మొదలుకాదు. దాంతో ఆరు కూర్పులు పోయాయి. ఘనత, మానవత లాంటి మాటల్లో ‘త’ చివర ఉంటుంది కాబట్టి దాన్ని చివర నిలిపి చూస్తే మిగిలేవి నాలుగే: రసళత, రళసత, సరళత, సళరత. పైకి ఒకసారి చదివితే చాలు, ‘సరళత’ దొరికిపోతుంది.

ఇప్పుడు దాని స్థానం. వర్ణమాలలో ఈ నాలుగూ త, ర, స, ళ అనే వరుసలో వస్తాయి. మొదటి అక్షరం ఖాయమైతే మిగతా మూడూ ఆరు రకాలుగా మారతాయి. అంటే ‘త’తో మొదలయ్యేవి ఆరు, ‘ర’తో ఆరు. ఈ పన్నెండూ ‘స’ కంటే ముందే అయిపోతాయి. తర్వాత సతరళ పదమూడు, సతళర పద్నాలుగు, సరతళ పదిహేను. పదహారోది సరళత.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా ఒకే అక్షరం రెండుసార్లు వచ్చినప్పుడు. క, ల, క, ల ఇస్తే ఇరవై నాలుగు కూర్పులు రావు. రెండు ‘క’లనూ ఒకదాని చోట ఒకటి మార్చినా మాట మారదు. ‘ల’ల సంగతీ అంతే. అందుకని ఇరవై నాలుగును రెండుతో, మళ్లీ రెండుతో భాగించాలి. మిగిలేవి ఆరు: కకలల, కలకల, కలలక, లకకల, లకలక, లలకక. కలకల రెండోది. ‘చంద్రముఖి’ చూసినవాళ్లు ఐదోదాన్నీ గుర్తుపడతారు.

అసలు మెలిక ‘ళ’ దగ్గర ఉంది. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ఇది ‘హ’ తర్వాత వస్తుంది. కంప్యూటర్లు, ఫోన్లు వాడే యూనికోడ్‌లో మాత్రం ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. అందులో ‘ల’ 0C32, ‘ళ’ దాని పక్కనే 0C33, ‘వ’ 0C35, ‘స’ 0C38. సంఖ్యల వరుసలో పేర్చమంటే ‘కళ’ ముందు, ‘కవి’ తర్వాత వస్తాయి. బడి వరుసలో చూస్తే ‘కవి’ ముందు.

మన ‘సరళత’కూ ఇదే గతి. యూనికోడ్ వరుస త, ర, ళ, స. ‘స’ అన్నిటికన్నా చివరికి పోయింది కాబట్టి త, ర, ళ లతో మొదలయ్యే పద్దెనిమిది కూర్పులూ ముందు వరుసలో నిలబడతాయి. ఆ తర్వాత సతరళ, సతళర, సరతళ. ఇరవై రెండోది సరళత. మాట అదే, అక్షరాలు అవే, చోటు మాత్రం ఆరు మెట్లు దిగింది.

అందుకే తెలుగు అక్షరాలతో ఇలాంటి పజిల్ తయారుచేసేవాళ్లు కంప్యూటర్ పేర్చిన జాబితాను అలాగే ‘కీ’గా పెట్టేస్తే గొడవే. వర్ణమాల ప్రకారం పదహారు అన్న విద్యార్థికి మార్కు పోతుంది. అక్షరాల్లో ళ గానీ, యూనికోడ్‌లో ‘ర’ పక్కనే కూర్చునే ఱ గానీ ఉందేమో ముందే చూసుకోవడం, ఉంటే ఏ వరుస పాటించాలో ప్రశ్నలోనే రాయడం మంచిది. న, ల, వ లాంటి అక్షరాలతో ఈ పేచీ ఉండదు. రెండు పద్ధతుల్లోనూ ‘నవల’ రెండోదే, ‘వలన’ ఆరోదే.