ఫౌండేషన్ కింద లేచే పొక్కులు

చీరల షోరూములో పనిచేసే ఒక అమ్మాయి సంగతి చూద్దాం. పొద్దున పదింటికి వేసుకున్న ఫౌండేషన్ రాత్రి తొమ్మిదింటి దాకా ముఖం మీదే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నాలుగైదు నెలలకు బుగ్గల మీదా గడ్డం మీదా ఆవగింజంత పొక్కులు లేస్తాయి. నొప్పి ఉండదు, చీము ఉండదు. అద్దంలో ఎదురుగా చూస్తే అంతగా కనిపించవు గానీ, కిటికీ పక్కన నిలబడితే తెలుస్తాయి, వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి. వాటిని కప్పడానికి ఆమె ఇంకో పొర వేస్తుంది. పొక్కులు ఇంకా పెరుగుతాయి.

1972లో క్లిగ్‌మన్, మిల్స్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ రకం మొటిమలను ‘యాక్నీ కాస్మెటికా’ అన్నారు. మేకప్‌లోని కొన్ని నూనెలు, మైనాల వల్ల చర్మ రంధ్రం లోపలి మృతకణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని బిరడా కడతాయి. ఇలా కట్టడానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టి ఎవరికీ ఫౌండేషన్ మీద అనుమానం రాదు. అలర్జీ అయితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే దురద, ఎర్రదనంతో బయటపడుతుంది. ఇవి అలా కావు. అలాగని మొటిమలన్నింటికీ మేకప్పే కారణమనుకోకూడదు. నెలసరి ముందు దవడ వెంట లేచే నొప్పి మొటిమలకు హార్మోన్లతో సంబంధం ఉంటుంది.

ఫౌండేషన్ కొనేటప్పుడు ‘నాన్ కామిడోజెనిక్’ అన్న మాట కోసం వెతకడం మంచిదే, కానీ అది హామీ కాదు. అందరూ పాటించాల్సిన ఒకే పరీక్ష అంటూ దానికి లేదు. సీసా వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి. మొదటి ఐదారు పేర్లలో కొబ్బరినూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ లాంటివి కనిపిస్తే మొటిమల ముఖానికి అది వద్దు. డైమెథికోన్ కనిపిస్తే భయపడనక్కర్లేదు, ఆ సిలికాన్ సాధారణంగా రంధ్రాలను మూయదు. స్టిక్, క్రీము రకాలకన్నా పల్చటి ద్రవరూపం మేలు.

రంగును ముంజేతి మీద కాకుండా దవడ అంచున రాసి, పావుగంట ఆగి, దుకాణం బయట ఎండ వెలుతురులో చూడండి. కొన్ని ఫౌండేషన్లు ఆరాక ఒక ఛాయ ముదురుతాయి. మన దగ్గర చాలామంది తమ ఛాయకన్నా తెలుపు కొంటారు. అప్పుడు ముఖానికీ మెడకూ తేడా కప్పడానికి పొర మీద పొర వేయక తప్పదు. మొటిమలున్నవారికి ఇది రెండు విధాలా నష్టం.

ఇక స్పాంజ్. ఇంగ్లండులోని ఆస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు వాడకంలో ఉన్న మేకప్ వస్తువులను పరీక్షిస్తే, పదింట తొమ్మిది దాకా వాటిలో బ్యాక్టీరియా కనిపించింది. స్పాంజ్‌లలో 93 శాతాన్ని ఒక్కసారి కూడా కడగలేదట. తడి స్పాంజ్‌ను డబ్బాలో పెట్టి మూత వేస్తే సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు పట్టించి, పిండిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి గాలికి ఆరబెట్టండి. చిరిగినా, వాసన వచ్చినా పారేయండి. బ్రష్‌లను వారం పది రోజులకోసారి మైల్డ్ షాంపూతో కడిగితే చాలు. తడవాల్సింది కుచ్చు కొనలే. కుచ్చును పట్టి ఉంచే లోహపు భాగంలోకి నీళ్లు పోతే జిగురు ఊడి వెంట్రుకలు రాలతాయి. అందుకే నిలబెట్టి కాకుండా, కుచ్చు టేబుల్ అంచు బయటికి వచ్చేలా పడుకోబెట్టి ఆరబెట్టాలి.

రాత్రి ఎంత అలసటగా ఉన్నా మేకప్ తీశాకే పడుకోండి. ముందు దూదిని మైసెల్లార్ వాటర్‌తో తడిపి, కళ్ల మీద కాసేపు అద్ది ఉంచి తుడవండి. తర్వాత ముఖమంతా తుడిచి, మైల్డ్ ఫేస్‌వాష్‌ను వేళ్లతో అర నిమిషం రుద్ది కడగండి. చాలామంది నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోటు, చెవుల ముందు, దవడ కింద వదిలేస్తారు. తెల్ల తువ్వాలుతో అద్దితే రంగు అంటిందంటే ఇంకా మిగిలి ఉన్నట్టే. కొబ్బరినూనెతో తీసే అలవాటుంటే మొటిమలున్నంత కాలం మానేయండి. స్క్రబ్‌లు అసలే వద్దు. డాక్టరు రాసిచ్చిన మొటిమల మందు ఉంటే, ముఖం పూర్తిగా ఆరాక రాయండి.

మన షోరూము అమ్మాయి ఫౌండేషన్ మార్చి, స్పాంజ్ కడుగుతూ, రాత్రి ముఖం శుభ్రం చేసుకుంటే ఫలితం వారంలో కనిపించదు. పొక్కులు కట్టినంత నెమ్మదిగానే పోతాయి, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఈలోగా ఇంకో కొత్త క్రీము మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో తెలియదు. అప్పటికీ తగ్గకపోయినా, నొప్పితో గడ్డల్లా లేచినా, మచ్చలు పడుతున్నా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీమును మాత్రం ముఖానికి రాయకండి. మొదట్లో తగ్గినట్టే ఉండి, తర్వాత అదే కొత్త మొటిమలు తెప్పిస్తుంది.